వేలి కింది కణుపు ఎక్కడ మొదలైతది? ఇద్దరు రెండు తీర్ల చెప్పిన్రు

శీను_హన్మకొండ
చెయ్యి చూసి మనిషి గుణం చెప్పేటోళ్లు ఇద్దరు నా చూపుడు వేలి కణుపులు చూసి రెండు తీర్ల చెప్పిన్రు. ఒకాయన పిడికిలి పట్టమని చేతి వెనుక దిక్కు చూసిండు. "కింది కణుపే అన్నిటికన్న పొడుగున్నది, నీకు పెత్తనం మీద, సుఖాల మీద మనసెక్కువ" అన్నడు. ఇంకొకాయన అరచెయ్యి తిప్పి చూసి, "కింది కణుపే పొట్టిగున్నది, నీకు సంపాదన యావ లేదు, నలుగురిని నడిపించే బలం లేదు" అన్నడు. చెయ్యి కుడిదే, వేలు అదే. ఇద్దరూ పైసలు తీసుకున్నరు. అసలు కింది కణుపు ఎక్కడి నుంచి మొదలైతది? ఎటు దిక్కు కొలువాలె? తెలిసినోళ్లు జెర చెప్పుండ్రి.

పోచమ్మమైదాన్_రాజు
పైసల కాడ మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట అన్నట్టు.

ధర్మపురి_చంద్రయ్య
వెనుక దిక్కు చూసినాయన చెప్పింది పక్కన పెట్టు శీనూ. పిడికిలి పట్టించి మెటిక నుంచి చూస్తే కింది కణుపు పొడుగు కానోడు ఈ భూమ్మీద దొరకడు. నాకూ పొడుగే, నీకూ పొడుగే, ఇప్పుడు పుట్టిన పిల్లకూ పొడుగే. అందరికీ ఉన్నదాన్ని పట్టుకుని ఒక్కడి గుణం ఎట్ల చెప్తరు?

కణుపులు ఎప్పుడైనా అరచేతి దిక్కే చూడాలె. వేలు అరచేతిల కలిసే కాడ ఒక అడ్డ గీత ఉంటది. అక్కడి నుంచి నడిమి అడ్డ గీత దాకా కింది కణుపు, ఆ గీత నుంచి పై గీత దాకా నడిమి కణుపు, పై గీత నుంచి వేలి కొసన కండ దాకా పై కణుపు. గోరు లెక్కల రాదు.

హుజూరాబాద్_లెక్కలసారు
దీనికి ఇంత చర్చ అవసరం లేదు. వేలి కణుపులు ఫిబొనాచీ వరుసలో ఉంటాయి, అంటే ముందు రెండు సంఖ్యలు కలిపితే తర్వాతది వస్తుంది. పైది 2 అయితే నడిమిది 3, కిందిది 5. ప్రకృతి నియమం అది. ఆ నిష్పత్తి తప్పిన వేలే తేడా ఉన్న వేలు.

ఫిజియో_కాజీపేట
సారూ, మీరు చెప్పేది ఎముకల లెక్క, చంద్రయ్య గారు చెప్పేది చర్మం మీది గీతల లెక్క. రెండూ వేరు, శీను గొడవంతా అక్కడే ఉన్నది.

పెద్దోళ్ల నడిమి వేలు తీసుకుంటే కింది ఎముక సుమారు 45 మిల్లీమీటర్లు, నడిమి ఎముక 29 దాకా, కొస ఎముక 18 దాకా ఉంటది. వెనుక దిక్కు చూసేటోళ్లకు మెటిక నుంచి ఈ ఎముక పొడుగే కనిపిస్తది. కాని అరచేతి దిక్కు వేలు మొదట ఉండే గీత ఆ మెటిక కీలు మీద ఉండదు. కీలు ఇంకా కిందికి, అరచేతి లోపల ఉంటది. కింది ఎముకల దాదాపు సగం అరచేతి కండలనే దాగి ఉంటది. అనుమానముంటే చెయ్యి బల్ల మీద పెట్టి, వేలు మొదటి గీత మీద ఒక పుల్ల అడ్డం పెట్టి, పక్క నుంచి చూడండి. మెటిక ఎంత వెనుక ఉన్నదో కంటికి కనిపిస్తది.

నడిమి గీత మాత్రం కీలుకు దగ్గర్నే ఉంటది. పై గీత కీలుకు కొంచెం కిందికి పడ్తది. దానికి తోడు కొసన ఎముక అయిపోయినంక కూడా కండ ఉంటది. అంటే అరచేతి దిక్కు కొలిస్తే కింది కణుపు తగ్గిపోతది, పై కణుపు పెరిగిపోతది. అందుకే ఎముకలు అంత తేడాగ ఉన్నా, అరచేతిల మూడు కణుపులు దాదాపు సమానంగ కనిపిస్తయి.

ఇగ ఫిబొనాచీ సంగతి. నడిమి వేలు ఎముకలకు ఆ లెక్క దగ్గర దగ్గరగ వస్తది. చిటికెన వేలుకు రాదు. అందుల నడిమి ఎముక కొస ఎముక కన్న ఏదో కొంచెమే పెద్దది. ఒక వేలుకు కుదిరి ఇంకో వేలుకు కుదరనిదాన్ని నియమం అనలేం.

హుజూరాబాద్_లెక్కలసారు
చిటికెన వేలు సంగతి నేను చూడలేదు. కాని నడిమి వేలుకు కుదురుతున్నదని మీరే ఒప్పుకున్నారు కదా, దాన్నెందుకు కొట్టిపారేయాలి?

వేములవాడ_సుజాత
వేళ్ల కణుపులంటే జపానికి లెక్క పెట్టేటియి కదా? ఉంగరం వేలు నడిమి కణుపు నుంచి మొదలుపెట్టి, కిందికి, చిటికెన వేలు మీదుగ పైకి, ఉంగరం వేలు కొస, నడిమి వేలు కొస, చూపుడు వేలు పై నుంచి కిందికి. మొత్తం పది. నడిమి వేలు నడిమి కణుపు, కింది కణుపు మేరువు కాబట్టి ముట్టరు. అందుకే ఆ రెండు కణుపులు పొడుగుంటే మంచిది కాదని మా దిక్కు అంటరు.

ధర్మపురి_చంద్రయ్య
సుజాతమ్మా, కరమాల లెక్క నువ్వు చెప్పింది సరిగ్గనే ఉన్నది. మేరువు దాటొద్దు అన్నది జప నియమం. దాని మీద గౌరవంతోని ముట్టరు గని చెడ్డదని కాదు. అది పొడుగుంటే చెడు అనే మాట హస్తసాముద్రికంల లేదు. నడిమి వేలు నడిమి కణుపు పొడుగున్నోళ్లను మేము నేల, యంత్రం, లెక్క పట్టినోళ్లు అంటం. వ్యవసాయం చేసేటోళ్లకు అది మంచి గుర్తు.

వేములవాడ_సుజాత
మంచిది పెద్దయ్యా. శీను అడిగింది వేరే సంగతని ఇప్పుడు అర్థమైంది.

శీను_హన్మకొండ
ఇప్పుడే కొలిచిన. కుడి చెయ్యి చూపుడు వేలు, అరచేతి దిక్కు: పైది 27, నడిమిది 23, కిందిది 22 మిల్లీమీటర్లు. అంటే రెండో ఆయన చెప్పిందే నిజమా? కింది కణుపే పొట్టి వచ్చింది.

ఫిజియో_కాజీపేట
దేనితోని కొలిచినవ్ తమ్మీ? గోరు ఎంత ఉన్నది? వేలు మొదట్ల గీత ఒక్కటే ఉన్నదా, రెండున్నయా?

శీను_హన్మకొండ
పిల్లల ప్లాస్టిక్ స్కేలు. గోరు కొంచెం ఉన్నది. మొదట్ల గీతలు రెండు కనిపిస్తున్నయి అన్నా, ఒకదాని కింద ఒకటి. పైదాని నుంచి కొలిచిన.

ఫిజియో_కాజీపేట
దొరికింది. మళ్ళ కొలువు, ఈసారి ఇట్ల చెయ్యి.

చెయ్యి వెనుక భాగం బల్లకు ఆనించి, అరచెయ్యి పైకి పెట్టు. వేళ్లు తిన్నగ ఉండాలె గని వెనుకకు వంచొద్దు. వెనుకకు వంగితే చర్మం గుంజుకుని గీతలు జరుగుతయి, ముందుకు వంగితే గీతల కాడ చర్మం మడత పడి కణుపు కురుచైతది. సన్న బాల్‌పెన్నుతోని ప్రతి గీత నడుమ ఒక చుక్క పెట్టు. గీత వంకరగ ఉంటే కొసలు చూడకు, వేలు నట్టనడుమనే చూడు.

స్కేలు నేరుగ వేలు మీద పెట్టొద్దు. ప్లాస్టిక్ స్కేలుకు సున్న అంచు మీద ఉండదు, లోపలికి ఉంటది. అక్కడనే రెండు మూడు మిల్లీమీటర్లు తప్పిపోతయి. అట్ట ముక్క సన్నగ కత్తిరించి వేలు మీద పెట్టి, చుక్కల కాడ గుర్తులు వేసుకుని, తర్వాత ఆ అట్టను స్కేలు మీద కొలువు. వెర్నియర్ కాలిపర్ దొరికితే ఇంకా మంచిది, లేత్ మిషన్ పనోళ్ల కాడ ఉంటది. గోరు కత్తిరించి, కొసన కండ దాకనే తీసుకో. ఒక్కో కణుపు మూడుసార్లు కొలిచి నడిమి సంఖ్య పట్టుకో.

రెండు గీతలున్నప్పుడు రెండింటి నుంచీ కొలిచి వేరువేరుగ రాయి.

పోచమ్మమైదాన్_రాజు
ఫోన్ల ఫోటో తీసి దాని మీద కొలిస్తే అయిపోదా? ఇంత అట్టలు కత్తిరించుడు ఎందుకు?

ఫిజియో_కాజీపేట
ఫోన్ దగ్గర పెట్టి తీస్తే వేలుల ఏ భాగం లెన్సుకు దగ్గరుంటే అది పెద్దగ పడ్తది. కొస కొంచెం పైకి లేచినా పై కణుపు మారిపోతది. స్టాంపు ప్యాడు సిరాతోని కాగితం మీద ముద్ర తీసేటోళ్లున్నరు, అది గీతలు చూసేందుకు మంచిదే గని పొడుగుకు నమ్మొద్దు. అద్దినప్పుడు కండ పరుచుకుంటది. వేలు మొదట్ల గుంటగ ఉండేటోళ్లకు అక్కడి గీత కాగితానికి తగలనే తగలదు.

శీను_హన్మకొండ
అట్లనే చేసిన. పైది 25, నడిమిది 23. కిందిది పై గీత నుంచి 22, కింది గీత నుంచి 25.

ధర్మపురి_చంద్రయ్య
చూసిన్రా? కింది గీత పట్టుకుంటే వేలు మొత్తం 73, అందుల పైదీ కిందిదీ చెరి 25. నడిమిది 23. పై గీత పట్టుకుంటే మొత్తం 70, కిందిదే అన్నిట్లకు పొట్టి. మూడు మిల్లీమీటర్ల తోలు మీద నీ బతుకు గురించి రెండు తీర్ల మాటలు పుట్టినయి.

నేను ఎప్పుడూ కింది గీతనే పడ్త. వేలు అరచేతి నుంచి విడిపోయేది అక్కడనే. అట్ల చూస్తే నీ చూపుడు వేలుల పై కణుపు, కింది కణుపు సమానం, నడిమిది రవ్వంత తక్కువ. అదీ రెండు మిల్లీమీటర్లే. అంత చిన్న తేడాకు నేను ఏ మాటా చెప్ప. మూడు కణుపులు సమతూకంగ ఉన్న గురు వేలు అనే అంట.

అసలు చూపుడు వేలుల ఏం చూస్తరో కూడా చెప్త. ఇది గురు వేలు. పై కణుపు నమ్మకం, ధర్మం, ఎదుటోని మాట వెనుక ఏమున్నదో పసిగట్టే గుణం. నడిమి కణుపు ఆశయం, దాన్ని పనిల పెట్టే నేర్పు. కింది కణుపు పెత్తనం మీద మక్కువ, తిండి, హోదా. కణుపు పొడుగుంటే ఆ దిక్కు మనసు మొగ్గుతదని అర్థం. పొట్టిగుంటే ఆ గుణం లేదని కాదు, దాని మీద ధ్యాస తక్కువ అని. "నలుగురిని నడిపించే బలం లేదు" అని పొట్టి కింది కణుపును చూసి చెప్పుడే తప్పు. ఆ మాట చెప్పాలంటే వేలు మొత్తం పొడుగు, నడిమి వేలుతోని పోల్చి చూడాలె.

కొత్తవాడ_నర్సన్న
నేను చదివిన పుస్తకంల మొదటి కణుపు అంటే కిందిది. మీరు పైదాన్ని ధర్మం అంటున్నరు. మా పుస్తకంల మొదటిదే ధర్మం అని ఉన్నది. ఏది నిజం?

ధర్మపురి_చంద్రయ్య
నర్సన్నా, ఆ పుస్తకం ఇంగ్లీషు పుస్తకం చూసి రాసింది అయ్యుంటది. బెన్‌హామ్ 1900ల రాసిన పుస్తకం నుంచి చానామంది తీసుకున్నరు. ఆయన గోరున్న కణుపునే మొదటిది అంటడు. అది ఆలోచనల లోకం, నడిమిది వ్యవహార లోకం, కిందిది భోగ లోకం. డాక్టర్లేమో అరచేతి నుంచి లెక్క పెట్టి కిందిదాన్ని మొదటిది అంటరు. రాసినాయన రెండూ కలిపేస్తే అర్థాలు తలకిందులైతయి. పుస్తకంల "మొదటి కణుపు" అని కనిపిస్తే, గోరు సంగతి ఆ పేరా కింద చెప్పిన్రా, "మూడో కణుపు" పేరా కింద చెప్పిన్రా చూడు. దాన్నిబట్టి తెలిసిపోతది.

కొత్తవాడ_నర్సన్న
చూసిన. గోరు మాట మొదటి కణుపు కాడనే ఉన్నది. బొమ్మ మాత్రం ఉల్టా వేసిన్రు. బొమ్మ చూసి ఇన్నొద్దులు తప్పు పట్టుకున్నరు మా గల్లీల అందరు.

హుజూరాబాద్_లెక్కలసారు
మన శాస్త్రాన్ని వదిలి బెన్‌హామ్‌ను పట్టుకోవడం ఎందుకు? వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇవన్నీ చెప్పాడు.

ధర్మపురి_చంద్రయ్య
చెప్పిండు సారూ. వేలి కణుపులు పొడుగున్నోళ్లు అదృష్టవంతులు, దీర్ఘాయుష్మంతులు అన్నడు. బొటన వేలు మీద యవలు అనే యవగింజ ఆకారం గుర్తుల గురించి చెప్పిండు. కాని ఒక్కో కణుపుకు ఒక్కో లోకం అనే మాట అందుల లేదు. ఆ మూడు లోకాల పంపకం పడమటి దిక్కు నుంచి వచ్చింది. రెండింటినీ గౌరవిస్త గని, ఒకరి మాట ఇంకొకరి నోట్ల పెట్ట.

జగిత్యాల_రమ
చిటికెన వేలు గురించి ఒక సంగతి అడగాలె. మా అన్న కొడుకుకు పదకొండేండ్లు. చిటికెన వేలుల నడిమి కణుపు చాలా పొట్టి, వేలు ఉంగరం వేలు దిక్కు వంగి ఉంటది. ఒకాయన చూసి, బుధ వేలు నడిమి కణుపు లేనట్టే ఉన్నది, వీడికి డాక్టరు చదువు, వకీలు చదువు అచ్చిరావు అన్నడట. మా వదిన అప్పటి నుంచి పరేషాన్ల ఉన్నది. పిల్లగాడు సైన్సుల మంచిగ చదువుతడు.

ఫిజియో_కాజీపేట
అక్కా, మీ అన్నదో వదినదో చిటికెన వేలు ఒకసారి చూడండి. తాతలవి కూడా.

జగిత్యాల_రమ
మా అన్నకు గట్లనే ఉన్నది. ఇప్పుడే వీడియో కాల్ల చూపిచ్చిండు. మా నాయినకు కూడా కొంచెం వంకర ఉండేది.

ఫిజియో_కాజీపేట
అంటే ఇంటి పోలిక. చిటికెన వేలు నడిమి ఎముక చిన్నగ ఉండుడు చాలా ఇండ్లల్ల కనిపించే సంగతే. ఆ ఎముక ఒక పక్క కురుచగ ఉంటే వేలు ఆ దిక్కు వంగుతది. వేలి ఎముకలు పొట్టిగ ఉండుడు తరం నుంచి తరానికి ఎట్ల దిగుతదో మొదటిసారి చూపించింది ఫారబీ అనే ఆయన. 1905ల అమెరికాల ఒక కుటుంబం చేతులు చూసి రాసిండు. మనుషులల్ల మెండెల్ వారసత్వ లెక్కకు దొరికిన తొలి ఉదాహరణలల్ల అదొకటి. వాళ్లకు అన్ని వేళ్లల్ల పొట్టి. మీ పిల్లగానికి చిటికెన వేలొక్కటే, ఇంకా తేలిక సంగతి.

పట్టు మంచిగున్నదా, వేలు పూర్తిగ ముడుస్తడా, నొప్పి ఏమన్న ఉన్నదా చూడండి. అవి బాగుంటే చేసేది ఏమీ లేదు. వంకర ఏడాదికేడాదికి పెరుగుతుంటే ఎముకల డాక్టరుకు చూపియ్యండి.

ధర్మపురి_చంద్రయ్య
రమమ్మా, మీ వదినకు నా మాటగ చెప్పు. చిటికెన వేలుల నడిమి కణుపు అందరికీ చిన్నగనే ఉంటది, తక్కిన వేళ్ల లెక్కన చూస్తే అదే పొట్టి. ఆ వేలును దాని పక్క వేలుతోని పోల్చుడే తప్పు. చిటికెన వేలును ఇంకో పది మంది చిటికెన వేళ్లతోని పోల్చాలె, అదీ వాళ్లింటి వేళ్లతోని ముందు. ఇంట్ల అందరికీ ఉన్న పోలిక మీద ఒక్క పిల్లగాని గుణం చెప్పొద్దని నేను నేర్చుకున్న కాడ మొదటి పాఠం. పదకొండేండ్ల పిల్లల చేతుల కణుపులు చూడనే చూడొద్దు, ఎముకలు ఇంకా పెరుగుతుంటయి.

ఇంకో మాట. బుధ వేలు నడిమి కణుపు వైద్యం, విద్య చెప్తదని రాసిన్రు, నిజమే. కాని అది పొట్టిగుంటే ఆ చదువు రాదని ఏ పుస్తకంల లేదు. ఆయన కల్పించుకున్న మాట అది.

జగిత్యాల_రమ
వదినకు రెండు పోస్టులూ చదివి వినిపిచ్చిన. చాలా నిమ్మళమైంది. ఇంకొకటి కూడా అడుగుత. మా అమ్మ నలభై ఏండ్లు బీడీలు చుట్టింది. ఇప్పుడు వేళ్ల కీళ్ల కాడ బొడిపెలు వచ్చినయి. వేలి పై కీలు లావుంటే తర్కబుద్ధి అంటరు కదా, ఇది కూడా అదేనా?

ఫిజియో_కాజీపేట
కాదక్కా. పుట్టుకతో వచ్చిన లావు కీలు చిన్నప్పటి నుంచే ఉంటది, రెండు చేతులకూ దాదాపు ఒకే తీరుగ ఉంటది, నొప్పి ఉండదు. వయసు మీద వచ్చే కీళ్ల అరుగుదల బొడిపెలు గోరుకు దగ్గరి కీలు వెనుక దిక్కు, పక్కలకు గట్టిగ లేస్తయి. ఒక వేలుకు ఎక్కువ, ఒక వేలుకు తక్కువ. పొద్దుగాల వేళ్లు పట్టేస్తయి. ఆ చెయ్యి కణుపులు కొలిచినా లాభం లేదు. కీలు కాడ వాపుంటే గీతలు సాగి జరుగుతయి, కొస పక్కకు వంగితే పై కణుపు కొలత తప్పుతది.

ధర్మపురి_చంద్రయ్య
పని చేతుల సంగతి వచ్చింది కాబట్టి చెప్త. మగ్గం నేసేటోళ్లు, బీడీలు చుట్టేటోళ్లు, నాట్లు వేసేటోళ్ల చేతులల్ల కింది కణుపు కండను నమ్మొద్దు. కింది కణుపు ఉబ్బి మెత్తగ ఉంటే భోగి అంటరు, సన్నగ నడుము లెక్క లోపలికి ఉంటే, వేళ్లు దగ్గరికి పెట్టినా సందులు కనిపిస్తే, పైసా నిలువదు, ఆరా ఎక్కువ అంటరు. కాని ఏండ్ల తరబడి ఉంగరం పెట్టుకుంటే ఆ కణుపు నడుమ నొక్కుకుపోయి ఉంటది. అది తొడుగు గుర్తు. ఉంగరం లేని చేతిల అదే వేలు చూసి పోల్చుకోవాలె. కొందరికి పొద్దుగాల వేళ్లు ఉబ్బి ఉంటయి, గర్భిణులకు మరీ ఎక్కువ, అప్పుడు లావును లెక్కల వెయ్యొద్దు. పొడుగు మారదు, లావు మారుతది. నేను ముందు పొడుగు చూసి, తర్వాత లావును తోడు మాటగ తీసుకుంట.

మంచిర్యాల_నిజంకావాలె
ఇంత ఖచ్చితంగ కొలిచి చివరికి చెప్పేది "పెత్తనం మీద మక్కువ" అనే మాటేనా? ఆ మాట ఎవరికి చెప్పినా తలూపుతరు. కొలత సరిగ్గ ఉండుడు వేరు, ఆ కొలతకు గుణంతోని సంబంధం ఉండుడు వేరు. కణుపు పొడుగును బట్టి మనిషి గుణం తెలుస్తదని పరీక్షకు నిలబడ్డ రుజువు లేదు. చంద్రయ్య గారిని అవమానించుడు కాదు, ఒక పద్ధతి చెప్తున్న. ఒక పది మంది చేతుల కొలతలు పేర్లు లేకుండ ఇద్దాం. ఆయన ఒక్కొక్కరికి రాసిన మాటలు కలగాపులగం చేసి, ఆ పది మందికీ ఇద్దాం. ఎవరి మాటలు వాళ్లు గుర్తుపడ్తరా చూద్దాం.

ధర్మపురి_చంద్రయ్య
తమ్ముడు అడిగిన తీరు మర్యాదగ ఉన్నది. నేను సిద్ధమే. కాని కొలతలు ఒక్కటే ఇస్తే నాకు సరిపోదు. చెయ్యి చూస్తే మెత్తదనం, వేళ్ల వంపు, బొటన వేలు అన్నీ కలిపి చూస్త. కణుపు ఒక్కదానితోని నేను ఏ మాటా చెప్ప.

మంచిర్యాల_నిజంకావాలె
చెయ్యి చూస్తే వయసు, పని, ఉంగరం అన్నీ తెలుస్తయి. అప్పుడు మీరు కణుపును చదివిన్రా, మనిషిని చదివిన్రా తేల్చుడు ఎట్ల? పేరు లేకుండ అరచెయ్యి పోత పోయించి ఇస్తే?

ధర్మపురి_చంద్రయ్య
పోత అయితే ఒప్పుకుంట. మెత్తదనం తెల్వకపోయినా పొడుగు తెలుస్తది.

ఫిజియో_కాజీపేట
పోతకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నేరుగ చేతి మీద మందంగ పొయ్యొద్దు, గట్టిపడేటప్పుడు వేడెక్కి కాలుతది. పంటి డాక్టర్లు వాడే ఆల్జినేట్‌తోని అచ్చు తీసి, చెయ్యి బయటికి తీసినంక అందుల ప్లాస్టర్ పొయ్యాలె. అచ్చు ఆరితే కుంచించుకుపోతది కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు.

శీను_హన్మకొండ
నా అసలు ప్రశ్నల ఒకటి మిగిలింది. రెండు గీతలుంటే కింది గీతే అని చంద్రయ్య గారు అన్నరు. నర్సన్న పుస్తకంల ఏమున్నది?

కొత్తవాడ_నర్సన్న
అందుల ఆ మాటే లేదు తమ్మీ. బొమ్మల ఒక్క గీతే గీసిన్రు. మా కాడ చూసే ఆయన మాత్రం లోతుగ ఉన్న గీతనే పట్టుకోవాలె అంటడు, కిందిదైనా పైదైనా.

ఫిజియో_కాజీపేట
చూపుడు వేలు, ఉంగరం వేలు పొడుగు నిష్పత్తి మీద పరిశోధన చేసేటోళ్లకు కూడా ఇదే తిప్పలు వచ్చింది. వాళ్లు అరచేతికి దగ్గరున్న గీత నుంచి కొస దాకా కొలువాలని పెట్టుకున్నరు. వాళ్లది మొత్తం వేలు పొడుగు, కణుపులు కాదు. అయినా మొదలు ఎక్కడ అన్న ప్రశ్న ఒకటే కాబట్టి, నేనైతే కింది గీతకే ఓటు వేస్త.

కొత్తవాడ_నర్సన్న
లోతు గీత పట్టేటోళ్లు కూడా ఒక మాట చెప్తరు. కింది గీత కొందరికి వేలు సగం దాకనే వచ్చి ఆగిపోతది, అటు కొసకు చేరదు. సగం గీతను మొదలు అని ఎట్ల అంటరు?

ధర్మపురి_చంద్రయ్య
అది మంచి ప్రశ్న. సగం గీత అయితే నేను కూడా దాన్ని వదిలేసి, వేలు ఈ కొస నుంచి ఆ కొస దాకా పారిన గీతనే పడ్త. శీనుది నిండు గీతేనా, సగమా?

శీను_హన్మకొండ
కుడి చేతిల నిండుగనే ఉన్నది. ఎడమ చేతిల చూస్తే ఒక్కటే గీత. ఎడమది కొలిస్తే పైది 25, నడిమిది 23, కిందిది 24 వచ్చింది.

ధర్మపురి_చంద్రయ్య
ఎడమ చేతిల గీత ఒక్కటే కాబట్టి అనుమానానికి తావు లేదు. అందుల 24 వచ్చిందంటే, కుడి చేతిల 25 దానికి దగ్గర, 22 దూరం. నీ వేలుకు కింది గీతే సరైన మొదలు. రెండు గీతల గొడవ వచ్చినోళ్లు ఇట్ల రెండో చెయ్యిని సాక్ష్యంగ పెట్టుకోవచ్చు.

కొత్తవాడ_నర్సన్న
రెండు చేతులకూ రెండేసి గీతలుంటే?

ధర్మపురి_చంద్రయ్య
అప్పుడు రెండు కొలతలూ రాసి పెట్టి, రెండింటికీ ఒకే అర్థం వస్తేనే మాట చెప్పాలె. వేరువేరు అర్థాలు వస్తే ఆ కణుపు గురించి ఏమీ చెప్పకుండ పక్క వేలుకు పోవాలె.

కొత్తవాడ_నర్సన్న
మా ఆయన దీనికి ఒప్పుకోడు గని, నేను రేపు రెండు తీర్లా కొలిచి ఇక్కడ పెడ్త.